ఒకే ఎముక, రెండు రిపోర్టులు: మూలుగ పరీక్షలో అంకెలు ఎందుకు కలవవు?

64 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరిని ఊహించుకుందాం. రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.8, తెల్ల రక్తకణాలు 2,100, ప్లేట్‌లెట్లు 42,000. అంటే మూడు రకాల కణాలూ తగ్గాయి. డాక్టరు తుంటి ఎముక నుంచి మూలుగ తీయించారు. మర్నాడు వచ్చిన కాగితం మీద ‘బ్లాస్టులు 8 శాతం’ అని ఉంది. వారం తర్వాత వచ్చిన రెండో కాగితం మీద ‘సెల్యులారిటీ 70 శాతం, బ్లాస్టులు సుమారు 15 నుంచి 20 శాతం’ అని ఉంది. ఇంట్లోవాళ్లకు వచ్చే సందేహం సహజమైనదే. వారంలో జబ్బు రెట్టింపయిందా? లేకపోతే ల్యాబు పొరబడిందా?

ఈ ఉదాహరణలో రెండూ జరగలేదు. రెండు కాగితాలూ ఒకే రోజు, ఒకే ఎముక నుంచి తీసిన నమూనాల గురించే చెబుతున్నాయి. కానీ ఆ నమూనాలు ఒకే తీరువి కావు. ఒకటి సిరంజితో లాగిన ద్రవం, రెండోది కోసి తీసిన ఎముక ముక్క. ఒకదాని నుంచి రాబట్టగల సమాచారం రెండోదానిలో దొరకదు. ఆ తేడా తెలిస్తే ఆ అంకెల తేడా కూడా అర్థమవుతుంది.

మూలుగలో ఏముంటుంది

వేట మాంసం తినేవారికి మూలుగ తెలిసినదే, ఎముక నడుమ ఉండే ఆ మెత్తని పదార్థం. వైద్య పుస్తకాలు దీన్ని మజ్జ అంటాయి. రక్తకణాలు పుట్టేది ఇక్కడే. పెద్దవాళ్లలో ఈ పని ముఖ్యంగా తుంటి ఎముక, రొమ్ము ఎముక, పక్కటెముకలు, వెన్నుపూసల వంటి చోట్ల సాగుతుంది. సన్నని ఎముక దూలాల మధ్య గదులు ఉంటాయి. ఆ గదుల్లో కొంత మేర రక్తాన్ని తయారుచేసే కణాలు, మిగిలిన మేర కొవ్వు నిండి ఉంటాయి.

ఈ కణాలు వేర్వేరు వయసుల్లో ఉంటాయి. అన్నిటికన్నా లేతవాటిని బ్లాస్టులు అంటారు. వాటికి పెద్ద కేంద్రకం, దాని చుట్టూ కొద్దిపాటి కణరసం ఉంటాయి. తాను ఏ కణంగా ఎదగాలో ఆ రూపం ఇంకా బ్లాస్టుకు రాదు. ఆరోగ్యవంతుడి మూలుగలోనూ బ్లాస్టులుంటాయి, కానీ 5 శాతం లోపే. కాబట్టి రిపోర్టులో ఆ పేరు కనబడినంత మాత్రాన క్యాన్సర్ అనుకోనక్కరలేదు. అవి ఎదగడం మానేసి పోగుపడుతూ పోతేనే చిక్కు.

ఒకే పడక మీద రెండు పనులు

చాలామంది దీన్ని వెన్నులో నీరు తీసే పరీక్షగా పొరబడతారు. ఆ పరీక్ష వేరు. ఇక్కడ సూది వెన్నుపాము దగ్గరికి వెళ్లదు. రోగిని బోర్లా గానీ పక్కకు గానీ పడుకోబెట్టి, నడుము కింద వెనకవైపు చేతికి తగిలే తుంటి ఎముక అంచును ఎంచుకుంటారు. చర్మాన్నీ, ఎముకను అంటిపెట్టుకున్న పొరనూ మత్తు ఇంజెక్షన్‌తో మొద్దుబారుస్తారు. ఆ తర్వాత సూదిని ఎముకలోకి తిప్పుతూ దించుతారు.

మొదటి పని ఆస్పిరేషన్. సిరంజి తగిలించి గట్టిగా లాగితే ఎర్రని ద్రవం వస్తుంది. అలా లాగిన క్షణాన కాలిలోకి పాకే నొప్పి పుడుతుంది. ఎముక లోపలికి మత్తు చేరదు కాబట్టి కొన్ని క్షణాలు దాన్ని ఓర్చుకోవాల్సిందే. ఈ మాట ముందే చెబితే రోగి బెదరడు. స్లైడ్ల కోసం మొదటి లాగులో అర మిల్లీలీటరు లోపే తీసుకోవాలి. జన్యు పరీక్షలకూ, కణాల ఉపరితల గుర్తులను చూసే ఫ్లో సైటోమెట్రీకీ కావలసిన ద్రవాన్ని ఆ తర్వాతే లాగాలి. ఈ వరుస ఎందుకో కాస్త తర్వాత చూద్దాం, ఎందుకంటే మన ఉపాధ్యాయుడి కథ తిరిగేది అక్కడే.

రెండో పని బయాప్సీ. అదే చర్మ రంధ్రం గుండా, ఎముక మీద కాస్త పక్కకు జరిపి, లావుపాటి బోలు సూదిని దించుతారు. దాన్ని జంషీది సూది అంటారు. తిప్పుతూ లోపలికి నెట్టి, విరిచి బయటకు తీస్తే సన్నని సుద్దముక్క లాంటి ఎముక తునక వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల పొడవుంటే దాన్ని నమ్మదగిన ముక్కగా లెక్కిస్తారు. పెద్దవాళ్లలో ఆస్పిరేషన్ రొమ్ము ఎముక నుంచి కూడా చేయవచ్చు. బయాప్సీ మాత్రం అక్కడ చేయరు, ఎందుకంటే ఆ ఎముక పలచన, దాని వెనకే గుండె, పెద్ద రక్తనాళాలు ఉంటాయి.

ద్రవాన్ని స్లైడు మీద పూసి, ఆరబెట్టి, రంగు వేస్తే చాలు, అదే రోజో మర్నాడో చూడవచ్చు. ఎముక ముక్క సంగతి వేరు. దాన్ని ఫార్మలిన్‌లో నిలవచేయాలి, కాల్షియం కరిగించి మెత్తబరచాలి, మైనంలో పోతపోయాలి, మిల్లీమీటరులో వెయ్యోవంతులు మూడో నాలుగో ఉండేంత పలచని పొరలుగా కోయాలి. అందుకే రెండో రిపోర్టుకు చాలా రోజులు పడుతుంది.

ముఖాలు చూడటం, ఊరు చూడటం

సిరంజితో లాగిన ద్రవాన్ని ఆస్పిరేట్ అంటారు. దాన్ని చదవడం ఊళ్లోని మనుషుల్ని బయటికి పిలిచి వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి ముఖం చూడటం లాంటిది. కణం పూర్తిగా పరచుకుని ఉంటుంది. కేంద్రకం ఆకారం, కణరసంలోని రేణువులు, చిన్న వైకల్యాలు స్పష్టంగా కనిపిస్తాయి. బ్లాస్టును బ్లాస్టుగా గుర్తించి లెక్కపెట్టగలిగేది ఇక్కడే. కానీ ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఊళ్లో ఎన్ని ఇళ్లు ఖాళీగా ఉన్నాయో వరసలో నిలబడ్డ మనుషుల్ని చూసి చెప్పలేం.

బయాప్సీ ఆ ఊరిని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గదులు ఎంత నిండాయి, కొవ్వు ఎంత, కణాలు ఎక్కడ గుంపుకట్టాయి, నార పీచు పెరిగిందా, క్షయ గడ్డలున్నాయా, వేరే అవయవపు క్యాన్సర్ కణాలు వచ్చి తిష్ఠవేశాయా అన్నవి అందులో తెలుస్తాయి. ముఖాలు మాత్రం కొంచెం మసకగానే ఉంటాయి. పొరగా కోసినప్పుడు కణం కూడా తెగుతుంది కాబట్టి చిన్న వివరాలు పోతాయి.

ఏది ఎప్పుడు చేయాలన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది. పిల్లవాడి రక్తంలోనే బ్లాస్టులు తిరుగుతూ, తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అనిపిస్తుంటే చాలాచోట్ల ఆస్పిరేట్‌తోనే నిర్ధారిస్తారు. రక్తంలో బ్లాస్టులు దండిగా ఉంటే ఆ రక్తం నుంచే జబ్బు రకం తేల్చవచ్చని కొందరు డాక్టర్లు అంటారు. చికిత్స మొదలయ్యాక పోల్చిచూడటానికి తొలి మూలుగ నమూనా ఉండి తీరాలని మరికొందరు అంటారు. నాకు రెండో వాదన బలమైనదిగా కనిపిస్తుంది. అయితే ఊపిరి అందని రోగిని బోర్లా పడుకోబెట్టలేని పరిస్థితి కూడా నిజమే. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమా మూలుగకు పాకిందా అని చూడటానికీ, మూలుగ ఎండిపోయిన ఎప్లాస్టిక్ ఎనీమియాకూ, మూలుగ నారగా మారే మైలోఫైబ్రోసిస్‌కూ మాత్రం బయాప్సీ తప్పదు. కారణం తెలియకుండా మూడు రకాల కణాలూ తగ్గిన పెద్దవాళ్లకు రెండూ కలిపి చేయడమే మేలు.

సిరంజి ఎంత లాగినా చుక్క రాని సందర్భాలుంటాయి. దీన్ని డ్రై ట్యాప్ అంటారు. రోగికి ఇది డాక్టరు చేతి లోపంలా కనిపిస్తుంది. చాలాసార్లు అది జబ్బు ఇచ్చే సూచన. పీచు అల్లుకుపోయిన మూలుగ, లేదా కణాలు కిక్కిరిసి గట్టిపడిన మూలుగ సిరంజికి లొంగదు. అలాంటప్పుడు ఎముక ముక్కను స్లైడు మీద మెల్లగా అద్దించి, అంటుకున్న కణాలకే రంగు వేసి చూస్తారు.

సెల్యులారిటీ: గది ఎంత నిండింది

బయాప్సీలో ఎముక దూలాలను వదిలేసి, మిగిలిన చోటులో రక్తాన్ని తయారుచేసే కణాలు ఆక్రమించిన భాగం ఎంత శాతమో చెప్పేదే సెల్యులారిటీ. మిగతాది దాదాపుగా కొవ్వే. పుట్టినప్పుడు మూలుగ దాదాపు పూర్తిగా కణాలే. వయసు పెరిగేకొద్దీ కొవ్వు చోటుచేసుకుంటుంది. పెద్దవాళ్లకు వాడుకలో ఉన్న ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. 100 నుంచి వయసును తీసివేయాలి, వచ్చిన అంకెకు అటూ ఇటూ పదేసి వదలాలి. మన ఉపాధ్యాయుడికి 64 ఏళ్లు కాబట్టి 36 దరిదాపుల్లో, అంటే పాతిక నుంచి 45 వరకు ఉంటే మామూలు. ఆయన రిపోర్టులో 70 ఉంది. పదిహేనేళ్ల పిల్లవాడికి అదే 70 ఉంటే ఎవరూ ఉలిక్కిపడరు. అందుకే వయసు పక్కన పెట్టుకోకుండా ఈ అంకెను చదవకూడదు.

ఇక్కడో వైరుధ్యం ఉంది. రక్తంలో కణాలు తగ్గాయి, మూలుగ మాత్రం నిండిపోయింది. పుట్టిన కణాలు బయటికి రాకముందే మూలుగలోనే చనిపోతున్నాయన్నమాట. మూలుగలో రక్తకణాలు సరిగా ఎదగని మైలోడిస్‌ప్లాసియా, పొట్టిగా ఎండీఎస్, అనే జబ్బులో జరిగేది ఇదే. విటమిన్ బీ12 లోపంలోనూ ఇదే జరుగుతుంది. కణాలు వికృతంగా, పెద్దవిగా తయారై మూలుగ కిక్కిరిసి, చూడటానికి ల్యుకేమియానా అనిపించే సందర్భాలున్నాయి. మన దేశంలో బీ12 లోపం అరుదు కాదు కనుక మూలుగను చదివే ముందు ఆ పరీక్ష అయిందో లేదో చూసుకోవాలి. మన ఉదాహరణలో అది మామూలుగానే ఉందనుకుందాం.

దీనికి తిరుగుదిశలో రక్తంలోనూ కణాలు లేవు, మూలుగ కూడా ఖాళీ అయితే ఎప్లాస్టిక్ ఎనీమియా ఆలోచనకు వస్తుంది. సెల్యులారిటీ 25 శాతం లోపు ఉండటం దాని తీవ్ర రూపానికి పెట్టుకున్న ప్రమాణాల్లో ఒకటి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, ఈ జబ్బులో ఆ పద్ధతి పనిచేయదు. ఖాళీ మూలుగలో అక్కడక్కడా కణాలు బతికున్న దీవులు మిగులుతాయి. సూది ఆ దీవిలో దిగితే ఆస్పిరేట్ మామూలుగానే కనిపిస్తుంది. రెండు సెంటీమీటర్ల ముక్క ఉంటేనే చుట్టూ ఉన్న ఖాళీ బయటపడుతుంది.

ముక్క పొట్టిదైతే దీనికి ఎదురు పొరపాటు జరుగుతుంది. వయసు మళ్లినవారిలో ఎముక పైపెంకుకు ఆనుకుని ఉన్న గదులు సహజంగానే కొవ్వుతో నిండి ఉంటాయి. అర సెంటీమీటరు ముక్కలో ఆ గదులే ఉంటే, లోపల నిండుగా ఉన్న మూలుగను కూడా ఖాళీ అని రాసే ప్రమాదం ఉంది. బయాప్సీ రిపోర్టు మొదటి వరుసల్లో ముక్క పొడవు రాస్తారు. నా మటుకు నేను ఆ వరుస చూశాకే మిగతాది చదువుతాను.

బ్లాస్టుల శాతం: దేనిలో శాతం?

ఈ అంకెకు సెల్యులారిటీతో నేరుగా లంకె లేదు. ఇది చోటులో శాతం కాదు, కణాల్లో శాతం. ఆస్పిరేట్ స్లైడు మీద కేంద్రకమున్న మూలుగ కణాలను 500 వరకు లెక్కపెట్టి, వాటిలో బ్లాస్టులెన్నో చూస్తారు. మూలుగలో 10 శాతమే కణాలున్నా, 90 శాతం ఉన్నా, వాటిలో బ్లాస్టులు ఆరో వంతు ఉంటే రెండు చోట్లా దాదాపు 17 శాతమే వస్తుంది. మోసే జబ్బు భారం మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. అందుకే రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇప్పుడు 8 శాతం ఎలా వచ్చిందో చూద్దాం. ఆయన ఆస్పిరేట్ తీసినప్పుడు మొదటి లాగు జన్యు పరీక్ష సీసాలోకి పోయింది. స్లైడ్లకు దొరికింది రెండో లాగు. సిరంజి లాగేకొద్దీ మూలుగతో పాటు అక్కడి రక్తనాళాల్లోని రక్తం కూడా వచ్చి కలుస్తుంది. ఆ రక్తంలో తెల్లకణాలున్నాయి, ఆయన విషయంలో బ్లాస్టులు లేవు. లెక్కపెట్టిన 500 కణాల్లో సగం, అంటే 250, రక్తం నుంచి వచ్చినవే అనుకుందాం. మిగిలిన 250 అసలు మూలుగ కణాల్లో 17 శాతం అంటే దాదాపు 42 బ్లాస్టులు. 500లో 42 అంటే 8 శాతం చిల్లర. లెక్కపెట్టిన వ్యక్తి తప్పు చేయలేదు. సీసాలోకి వచ్చిందే పలచన.

పలచనైన నమూనాను గుర్తుపట్టే సూచనలున్నాయి. స్లైడు మీద మూలుగ తునకలు, కొవ్వు చుక్కలు కనిపించవు. ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు చాలా తక్కువగా ఉంటాయి. ఎదిగిన న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు అనే తెల్లకణాలు దాదాపు రక్తంలో ఉన్న పాళ్లలోనే కనిపిస్తాయి. రిపోర్టులో ‘తునకలు లేవు’ అనో ‘రక్తం కలిసిన నమూనా’ అనో ఒక్క వరుస ఉంటుంది. ఆ వరుస ఉంటే కింద రాసిన బ్లాస్టుల శాతం నిజమైనదానికంటే తక్కువ కావచ్చు. ఫ్లో సైటోమెట్రీకి వెళ్లేది తర్వాతి లాగులే కాబట్టి అది ఇచ్చే శాతానికీ ఇదే బెడద ఉంది. అందుకే దాన్ని కంటితో లెక్కపెట్టిన అంకెకు బదులుగా వాడరు.

బయాప్సీలో ముక్క పలచనవదు. అక్కడ బ్లాస్టులను సీడీ34 అనే ప్రోటీన్‌కు రంగు వేసి గుర్తిస్తారు. అయితే కొన్ని బ్లాస్టులపై ఆ ప్రోటీన్ ఉండదు, బ్లాస్టులు కాని కొన్ని కణాలపై ఉంటుంది. కనుక అది అంచనా మాత్రమే. 17 అని గట్టిగా రాయకుండా ‘15 నుంచి 20’ అని రాయడంలో పాథాలజిస్టు నిజాయితీ ఉంది.

5, 10, 20: గీతలు ఎక్కడ గీశారు

5 లోపు మామూలు. ల్యుకేమియా చికిత్స తర్వాత జబ్బు అణిగిందని చెప్పడానికీ ఇదే గీత, ఇతర షరతులతో కలిపి. మైలోడిస్‌ప్లాసియాలో 5 నుంచి 9 ఒక మెట్టు, 10 నుంచి 19 దానికి పైమెట్టు. 20కి చేరితే తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా, అంటే ఏఎంఎల్. ఈ 20 ప్రకృతి గీసిన గీత కాదు. అంతకుముందు 30 ఉండేది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ దాన్ని 20కి తగ్గించింది.

2022లో నిపుణులు రెండు దారులయ్యారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 10 నుంచి 19 వరకు ఉన్నవారిని మైలోడిస్‌ప్లాసియాలోనే ఉంచింది. దానికి సమాంతరంగా వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ వర్గీకరణ అదే మెట్టుకు ‘ఎండీఎస్/ఏఎంఎల్’ అని పేరుపెట్టింది. 19 దగ్గరా 21 దగ్గరా జబ్బు స్వభావం ఒకటేననీ, ఏఎంఎల్ మందుల పరిశోధనలు వీరికీ అందుబాటులో ఉండాలనీ రెండోవారి వాదన. గీతను కిందికి లాగితే నెమ్మదిగా సాగే జబ్బున్న వృద్ధులకు కూడా ఘాటైన చికిత్స అంటగట్టే ప్రమాదముందని మొదటి పక్షం భయం. రెండు వాదనల్లోనూ పస ఉంది.

గీత దగ్గర అంకె ఎంత ఊగుతుందో కూడా చూడాలి. నిజంగా 17 శాతం బ్లాస్టులున్న మూలుగలో 500 కణాలు లెక్కపెడితే, కేవలం ఏ కణాలు కంటపడ్డాయన్న యాదృచ్ఛికత వల్లనే ఫలితం దాదాపు 14 నుంచి 20 మధ్య ఎక్కడైనా పడవచ్చు. 100 కణాలతో సరిపెడితే ఆ వెడల్పు దాదాపు 10 నుంచి 24 అవుతుంది. 19కీ 21కీ మధ్య తేడా మీద మాత్రమే చికిత్స నిర్ణయం వేలాడకూడదని డాక్టర్లు అనడానికి కారణం ఇదే.

కొన్ని జబ్బుల్లో ఈ గీతకు పనే లేదు. ఉదాహరణకు తీవ్ర ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాలో ప్రత్యేకమైన జన్యు కలయిక కనిపించాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం బ్లాస్టులు 20కి చేరాలని ఎదురుచూడనక్కరలేదు. ఆ జబ్బులో రక్తస్రావం ప్రాణం తీస్తుంది కాబట్టి అనుమానం రాగానే మందు మొదలుపెడతారు.

ఆ ఉపాధ్యాయుడి కాగితాలు మళ్లీ చదివితే

మొదటి కాగితంలో 8 శాతం పక్కనే ‘మూలుగ తునకలు లేవు, రక్తం కలిసిన నమూనా’ అని ఉంది. ఆ వరుసను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. రెండో కాగితంలో ముక్క పొడవు 1.8 సెంటీమీటర్లు, సెల్యులారిటీ 70, సీడీ34 ఉన్న కణాలు 15 నుంచి 20 శాతం, గుంపులుగా. పొడవు చాలినంత ఉంది కాబట్టి 70ని నమ్మవచ్చు. బ్లాస్టులు మొదట లెక్కించినదానికంటే ఎక్కువని ముక్క చెబుతోంది. రెండూ కలవనప్పుడు చేయాల్సింది సగటు కట్టడం కాదు. హెమటాలజిస్టు రెండోవైపు తుంటి నుంచి మళ్లీ ఆస్పిరేట్ తీయించారు, ఈసారి మొదటి అర మిల్లీలీటరు నేరుగా స్లైడ్లకు వెళ్లింది. తునకలు దండిగా వచ్చాయి. 500 కణాల్లో 85 బ్లాస్టులు, అంటే 17 శాతం.

ఒక వర్గీకరణలో ఇది పైమెట్టు మైలోడిస్‌ప్లాసియా, రెండోదానిలో ఎండీఎస్/ఏఎంఎల్. తేల్చాల్సింది ఇంకొకటి మిగిలింది. మొదటి రోజు జన్యు పరీక్షకు వెళ్లిన సీసా ఫలితం రాలేదు. అందులో ఎన్‌పీఎం1 అనే జన్యువులో మార్పు కనిపిస్తే, 17 శాతం దగ్గర రెండు వర్గీకరణలూ ఏఎంఎల్ అనే అంటాయి. కనిపించకపోతే మిగతా జన్యు మార్పులు, ఆయన వయసు, గుండె, మూత్రపిండాల స్థితి చూసి చికిత్స తీవ్రతను నిర్ణయిస్తారు. ఈలోగా రక్తం, అవసరమైనప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ, తెల్లకణాలు తక్కువ కాబట్టి జ్వరం వస్తే అదే గంటలో ఆసుపత్రికి రమ్మని చెప్పి ఆయనను ఇంటికి పంపారు.